తమ్ముడికి పద్నాలుగు రోజుల ప్లాను

ఒరేయ్, నువ్వు పంపిన సిలబస్, మీ సార్ గ్రూపులో పెట్టిన టాపిక్ లిస్టు పక్కపక్కనే పెట్టుకుని రాత్రి కూర్చున్నాను, రెండూ కలవడం లేదు. సిలబస్‌లో ఉన్న డిస్క్ షెడ్యూలింగ్ లిస్టులో అసలు లేదు. వదిలేయకు, పేపర్ సిలబస్ చూసి ఇస్తారు. లిస్టులో 41 టాపిక్‌లు ఉన్నా అందులో 12 వేరే పేర్లతో మళ్లీ వచ్చినవే, తీసేస్తే 29 మిగిలాయి. కాబట్టి టెన్షన్ పడకు.

17న ఓయస్, 19న డీబీఎంఎస్, 21న డిస్క్రీట్ మ్యాథ్స్ కదా, సోమవారం 3వ తేదీ మొదలు.

3, 4, 5: ఓయస్. మొదటిరోజు సీపీయూ షెడ్యూలింగ్, గాంట్ చార్టు గీసి వెయిటింగ్ టైమ్ లెక్క కట్టాలి, చదివితే రాదు. 4న డెడ్‌లాక్, బ్యాంకర్స్ అల్గారిథమ్ రెండు లెక్కలు. 5న పేజ్ రీప్లేస్‌మెంట్. `1 2 3 4 1 2 5 1 2 3 4 5` తీసుకుని ఫీఫోలో 3 ఫ్రేములతో చెయ్యి, 9 ఫాల్టులు వస్తాయి, 4 ఫ్రేములతో 10 వస్తాయి. ఫ్రేములు పెంచితే ఫాల్టులు పెరగడమేంటని నీకే డౌటు రావాలి, బెలాడీ అనామలీ అంటే అదే. ఒకసారి చేత్తో చేస్తే ఇక మర్చిపోవు. సాయంత్రం గంటసేపు డిస్క్ షెడ్యూలింగ్.

6, 7: డీబీఎంఎస్. 6న ఈఆర్ డయాగ్రమ్, ఎస్‌క్యూఎల్ కానిచ్చేయ్, అవి నీకు వచ్చు. 7 మొత్తం నార్మలైజేషన్‌కే. R(A,B,C)లో AB→C, C→B ఇస్తే అది 3NFలో ఉంది కానీ BCNFలో లేదు, ఎందుకో కీలు కనుక్కుని నీ మాటల్లో రాసి నాకు ఫొటో పెట్టు.

8: డిస్క్రీట్, లాజిక్, రిలేషన్స్.

9 ఆదివారం పాతపట్నంలో పిన్నివాళ్ల గృహప్రవేశం. శనివారమే గుణుపురం నుంచి బండెక్కి పర్లాకిమిడి వచ్చేయ్, పుస్తకాలు తేకు. భోజనాల దగ్గర పుస్తకం తెరిచి కూర్చుంటే అమ్మ మురిసిపోతుందేమోగానీ ఒక్క ముక్కా ఎక్కదు.

10, 11: రికరెన్స్ రిలేషన్స్, గ్రాఫులు. పోయినసారి నీకు మార్కులు పోయింది ఇక్కడే, రెండు రోజులు అందుకే.

12: ట్రాన్సాక్షన్లు, సీరియలైజబిలిటీ. ప్రెసిడెన్స్ గ్రాఫ్‌లో సైకిల్ ఉంటే కాన్‌ఫ్లిక్ట్ సీరియలైజబుల్ కాదు, మిగతాదంతా బాణాలు సరిగ్గా వేయడమే.

13 ఓయస్, 14 డీబీఎంఎస్, 15 డిస్క్రీట్: మూడు గంటలు పెట్టుకుని పాత పేపర్, ఫోన్ నీ రూమ్మేట్ దగ్గర. తప్పులు మాత్రం మధ్యాహ్నం దిద్దుకో. ఏ రోజు పనైనా మిగిలితే ఈ మూడు సాయంత్రాల్లోకే, మర్నాటి పనిలో కలపకు.

16న ఓయస్ తప్ప ఏదీ ముట్టుకోకు. 18, 20 ఖాళీ ఉన్నాయిగా, మిగతా రెండూ అప్పుడు తిరగేస్తావు.

రోజూ రాత్రి తొమ్మిదికి ఎన్ని లెక్కలు చేశావో అంకె ఒక్కటి మెసేజ్ పెట్టు, చాలు.