కొండల ట్రిప్‌కి పిల్లల బ్యాగుల్లో ఏమేం సర్దాలి: 7వ తరగతి తల్లిదండ్రులకు

అందరికీ నమస్కారం.

వచ్చే శుక్రవారం ఉదయం 5:30కి బస్సు బయలుదేరుతుంది. రెండు రాత్రులు కొండ మీదే ఉంటాం, ఆదివారం సాయంత్రానికి తిరిగొస్తాం. మనం ఉండబోయే చోటు 1,500 మీటర్ల ఎత్తులో ఉంది. వెయ్యి మీటర్లు ఎక్కితే సుమారు 6 డిగ్రీలు చల్లబడుతుంది. మధ్యాహ్నం ఎండ కాసినా, పొద్దు వాలగానే చలి మొదలై తెల్లవారుజామున బాగా ముదురుతుంది. ఇక్కడి వాతావరణం చూసి బట్టలు సర్దకండి.

ముందుగా ఒక మాట. బ్యాగ్ మీరు సర్దిపెట్టకండి, పక్కన కూర్చుని పిల్లల చేతే సర్దించండి. కిందటిసారి ఒక బాబు మొదటి రాత్రి దుప్పట్లో ముడుచుకుని వణుకుతూ కనిపించాడు. స్వెటర్ తెచ్చుకోలేదా అంటే లేదన్నాడు. నా శాలువా కప్పి పడుకోబెట్టాను. పొద్దున బ్యాగ్ తీస్తే అడుగున, తువ్వాలు కింద, కొత్త స్వెటర్ ఉంది. ట్యాగ్ కూడా తీయలేదు. వాళ్లమ్మ ఎంతో జాగ్రత్తగా పెట్టారు, కానీ అది ఉన్నట్టు వాడికి తెలీదు.

ఒంటి మీదకు:
- లోపల వేసుకునే థర్మల్స్ 2 జతలు. లేకపోతే కొనక్కర్లేదు, ఒంటికి పట్టి ఉండే ఫుల్ హ్యాండ్స్ టీషర్టు, లెగ్గింగ్ చాలు
- ఫుల్ హ్యాండ్స్ చొక్కాలు 3
- స్వెటర్ 1, దాని మీదకు గాలి చొరబడని జాకెట్ 1
- ప్యాంట్లు 3, రాత్రి పడుకోవడానికి విడిగా ఒక జత
- లోదుస్తులు 5 జతలు
- చెవులు కప్పే టోపీ, మఫ్లర్, గ్లౌజులు
- రెయిన్‌కోటు (గొడుగు వద్దు, కొండగాలికి నిలవదు)

ఒక్క లావుపాటి కోటు కంటే పల్చటివి మూడు ఒకదాని మీద ఒకటి వేసుకుంటేనే వెచ్చగా ఉంటుంది. వాటి మధ్య నిలిచే గాలి ఒంటి వేడిని పోనివ్వదు. నడిచేటప్పుడు చెమట పడితే ఒకటి తీసేయొచ్చు కూడా. జీన్స్ వద్దని గట్టిగా చెప్తున్నాను. ఒకసారి తడిస్తే ఆ చలిలో రెండు రోజులైనా ఆరవు, తడి బట్ట ఒంటి వేడిని లాగేస్తుంది.

సాక్స్ 6 జతలు పెట్టండి. ఎక్కువ కాదు! పొద్దున గడ్డి మీద మంచు ఉంటుంది, అందులో పది నిమిషాలు నడిస్తే బూట్లు తడుస్తాయి. ఒక జత సాక్స్ విడిగా కవర్లో పెట్టి, అది రాత్రి పడుకునేటప్పుడు మాత్రమే వేసుకోవాలని చెప్పండి. బూట్లు ఇప్పటికే వాడుతున్నవే కావాలి, కొత్తవైతే మొదటి రోజే మడమలు ఒరుసుకుపోతాయి. గదిలోకి ఒక జత చెప్పులు.

చేతి సంచిలో మంచినీళ్ల సీసా, చిన్న టార్చ్, టిష్యూలు, పెదాలకు రాసుకునే బామ్, సన్‌స్క్రీన్. చలిలో సన్‌స్క్రీన్ ఎందుకని అడుగుతారేమో, ఎత్తుకు వెళ్లేకొద్దీ ఎండలోని అతినీలలోహిత కిరణాల తాకిడి పెరుగుతుంది. జాకెట్ కూడా ఈ సంచిలోనే ఉండాలి, పెద్ద బ్యాగులు బస్సు డిక్కీలోకి వెళ్లిపోతాయి. పైకి వెళ్లే దారి అంతా మలుపులే కాబట్టి రెండు ప్లాస్టిక్ కవర్లు తప్పనిసరి. వాంతులయ్యే అలవాటుంటే మాత్ర గురించి మీ డాక్టర్‌ని ముందే అడగండి, ఆ పిల్లల్ని నేను ముందు సీట్లో కూర్చోబెడతాను.

మందులు పిల్లల దగ్గర ఉంచకండి. పేరు, ఎంత, ఎప్పుడు వేయాలో రాసిన కవర్లో పెట్టి గురువారంలోగా నాకివ్వండి. ఇన్‌హేలర్ ఒక్కటే మినహాయింపు. అది పిల్లల జేబులోనే ఉండాలి, చల్లటి పొడిగాలికి ఆయాసం ఎక్కువ కావచ్చు. ఇంకోటి ఉంటే నాకూ ఇవ్వండి.

ఆడపిల్లలకు, ఇంకా పీరియడ్స్ మొదలుకాకపోయినా, ఒక ప్యాడ్ల ప్యాకెట్ పెట్టండి. మాతో ఇద్దరు టీచరమ్మలు ఉంటారు, ఏ అర్ధరాత్రైనా లేపవచ్చని చెప్పండి. రాత్రిళ్లు పక్క తడిపే అలవాటున్నా, చీకటంటే భయమున్నా నాకు విడిగా ఒక మెసేజ్ పెట్టండి. ఇంకో పిల్లకి తెలియకుండా నేను చూసుకుంటాను. ఆ కారణంగా ఎవరినీ ట్రిప్ మాన్పించకండి.

ఫోన్లు, నగలు, ఖరీదైన వాచీలు వద్దు. రోజూ రాత్రి 8 గంటలకు నా ఫోన్ నుంచి అందరితో మాట్లాడిస్తాను.

ప్రతి వస్తువు మీదా, ముఖ్యంగా స్వెటర్లూ టోపీల మీద, చెరగని ఇంకుతో పేరు రాయండి. సర్దడం అయ్యాక బ్యాగ్ పిల్లల భుజానికి తగిలించి ఇంట్లో ఒకసారి మెట్లు ఎక్కించి చూడండి. మోయలేకపోతున్నారంటే ఒక చొక్కా తీసేయండి, సాక్స్ మాత్రం తీయకండి. ఎవరి దగ్గరైనా స్వెటర్‌గానీ జాకెట్‌గానీ లేకపోతే బుధవారంలోగా నాకు చెప్పండి, మా దగ్గర అదనంగా కొన్ని ఉన్నాయి.

ఇట్లు,
మీ పిల్లల క్లాస్ టీచర్