మిథ్ర యష్తు ఆరో పద్యం: వేదభాష ఆసరాతో ప్రతిపదార్థం

యష్తు అంటే పార్సీల పవిత్ర గ్రంథం అవెస్తాలోని దేవతాస్తుతి. పదోది మిథ్రుడనే దేవుడిది. దాని భాషనూ అవెస్తా అనే అంటారు, అది వేదభాషకు దగ్గరి చుట్టం.

మూలం (పదో యష్తు, 6వ పద్యం, మొదటి మూడు పాదాలు):

తెమ్ అమవన్తెమ్ యౙతెమ్
సూరెమ్ దామోహు సెవిష్తెమ్
మిథ్రెమ్ యౙాయ్ ౙఓథ్రాబ్యో

వేదభాషలో నిలబెడితే:

తమ్ అమవన్తం యజతమ్
శూరం ధామసు శవిష్ఠమ్
మిత్రం యజై హోత్రాభ్యః

ఈ రెండో రూపం వేదంలో ఎక్కడా లేదు. ధ్వని సూత్రాలను బట్టి అల్లుకున్నది మాత్రమే. అమెరికన్ పండితుడు జాక్సన్ 1892లో తన అవెస్తా వ్యాకరణంలో ఈ పద్యాన్నే ఇలా మార్చి చూపాడు.

లిపి గురించి రెండు మాటలు. ఇక్కడి ౙ తెలుగు దంత్య జకారం కాదు, ద స్పర్శ లేని ఊష్మం. థ కూడా మన మహాప్రాణం కాదు, నాలుక పళ్ల మధ్య ఒరుసుకుంటూ పలికేది. అవెస్తాలో ఘ, ధ, భ లాంటి మహాప్రాణాలే లేవు. ర ముందున్న త ఇలా మారింది కాబట్టి మిథ్ర = మిత్ర. తెమ్, సూరెమ్‌లలో ఎ అని రాసింది మందమైన అకారం.

తెమ్ = తమ్. ఆతనిని. మకారం ముందు అకారం మందమైంది, అంతే.

అమవన్తెమ్ = అమవన్తమ్. అమ అంటే బలం, దూకుడు. ఋగ్వేదంలో ఉన్న మాటే, తర్వాతి సంస్కృతంలో మరుగున పడింది. అమావాస్యలోని ‘అమా’తో కలపకండి, అది వేరు.

యౙతెమ్ = యజతమ్. యజించదగిన వాణ్ణి. వేదంలో ఇది విశేషణం. అవెస్తాలో దేవతల వర్గానికే పేరు. ఇక్కడ రెండూ నప్పుతాయి.

సూరెమ్, సెవిష్తెమ్ = శూరమ్, శవిష్ఠమ్. రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే. ‘శూరుడు’ అనగానే మనకు యుద్ధవీరుడు తడతాడు. ఇక్కడ ‘బలవంతుడు, బలవంతులలో మొదటివాడు’ అన్న జంట వినిపించాలి.

దామోహు = ధామసు. సకారం రెండు అచ్చుల మధ్య హకారమైంది, ధ మహాప్రాణం పోగొట్టుకుంది. సప్తమీ బహువచనం, అందులో సందేహం లేదు. అర్థం దగ్గరే చాలామంది జారిపోతారు. ధామం అంటే నివాసం, క్షేత్రం అని మనకు అలవాటు కాబట్టి ‘ధామాలలో బలిష్ఠుడు’ అని రాసేస్తారు. అవెస్తాలో దామన్ అంటే సృష్టించబడినది, ప్రాణి. ధాతువు అదే ‘ధా’, అది అక్కడ ‘సృజించు’ వైపు వెళ్లింది. కాబట్టి ‘సృష్టిలోని ప్రాణులలో’. ధ్వని పోలిక రూపాన్ని ఇస్తుంది, అర్థాన్ని అవెస్తా ప్రయోగాల్లోనే వెతకాలి.

మిథ్రెమ్ = మిత్రమ్. ‘స్నేహితుడు’ అనువాదం వద్దు. అవెస్తాలో మిథ్ర సామాన్య నామంగా ఒడంబడిక. ఆ మాట నిలబెట్టే దేవుడు ఇతడు. పేరుగానే ఉంచడం మేలు.

యౙాయ్ = యజై. ఉత్తమ పురుష ఏకవచనం, ఆత్మనేపదం: యజించెదను. సంస్కృత విద్యార్థి దీన్ని లోట్‌లో, అంటే ఆజ్ఞార్థక రూపాల్లో చూసి ఉంటాడు. లోట్ ఉత్తమ పురుష రూపాలు నిజానికి, వేదంలో సంకల్పాన్ని చెప్పే పాత లేట్‌వే.

ౙఓథ్రాబ్యో = హోత్రాభ్యః. ౙ చూడగానే ఒకే సంస్కృత అక్షరం పెట్టకూడదు. యౙ-లో దానికి బదులు జ (యజ్), ఇక్కడ హ (హు, ధారగా పోయు). అచ్చం అలాగే ౙాత = జాత, ౙస్త = హస్త. ఏది పెట్టాలో అవెస్తా చెప్పదు, సంస్కృత ధాతువే చెప్పాలి. చివరి ఓ, ‘రామో గచ్ఛతి’లోని ఓ లాంటిదే. అవెస్తాలో పదాంత -అస్ సంధి అవసరం లేకుండానే ఓ అవుతుంది.

అసలు చిక్కు విభక్తిలో ఉంది. రూపం చతుర్థీ, పంచమీ బహువచనం. అలాగే తీసుకుంటే ‘ఆహుతుల కొరకు మిథ్రుణ్ణి యజిస్తాను’ అని వస్తుంది, అది అతకదు. వేదంలో యజ్ ధాతువు దేవతను ద్వితీయలో, ఆహుతిని తృతీయలో తీసుకుంటుంది. అవెస్తాలోనూ అదే అమరిక. కాబట్టి అర్థం తృతీయ: ‘హోత్రాభిః’ అన్నట్టు చదవాలి. అర్వాచీన అవెస్తాలో ఈ బహువచన రూపాలు ఒకదాని పని ఒకటి చేస్తుంటాయి. సంస్కృతం కట్టేటప్పుడు మాత్రం ‘హోత్రాభిః’ అని దిద్దకండి. మూలం ఏ రూపం ఇచ్చిందో అదే కనబడాలి, దిద్దుబాటు టీకలో ఉండాలి.

తాత్పర్యం: బలశాలి, పూజార్హుడు, బలవంతుడు, సృష్టిలోని ప్రాణులన్నిటిలో అత్యంత బలవంతుడైన ఆ మిథ్రుణ్ణి ధారాహుతులతో యజించెదను.

ఛందస్సు సరిచూసుకోండి. పాదానికి ఎనిమిది అక్షరాలు. మొదటి రెండు పాదాలు ఇబ్బంది లేకుండా సరిపోతాయి. మూడోది ఏడే వస్తుంది: మిథ్, రెమ్, య, ౙాయ్, ౙఓ, థ్రా, బ్యో. ‘బ్యో’ను ‘బియో’ అని విడదీస్తే ఎనిమిది. గాయత్రిలో ‘వరేణ్యం’ను ‘వరేణియం’గా విప్పుకుంటేనే మొదటి పాదం నిండుతుంది కదా, అలాంటిదే. రాతప్రతులు ఇక్కడ ఇకారాన్ని రెండుసార్లు రాస్తాయి, కానీ దాన్ని సాక్ష్యంగా తీసుకోకూడదు. పదం మధ్యలో యకారాన్ని లేఖకులు ఎప్పుడూ అలాగే రాస్తారు.