రౌండ్ రాబిన్ లెక్కలు: మిడ్ పరీక్షకు ముందు ట్యుటోరియల్ షీట్

బీటెక్ రెండో సంవత్సరం, ఆపరేటింగ్ సిస్టమ్స్. శనివారం మధ్యాహ్నం ట్యుటోరియల్‌కు ఇది ఒకసారి చదివి రండి. పెన్సిలు, స్కేలు మర్చిపోవద్దు. నర్సంపేట, పరకాల బస్సుల్లో వచ్చేవాళ్లు దారిలోనే చదివేయొచ్చు, కానీ లెక్క మాత్రం కాగితం మీద చేయాల్సిందే.

పోయిన మిడ్ పేపర్లు దిద్దుతుంటే ఒకటి తేలిపోయింది. సూత్రాలు అందరికీ వచ్చు, తీసివేతల్లోనూ పెద్దగా తప్పుల్లేవు. మార్కులన్నీ పోయింది రెడీ క్యూ దగ్గరే. క్యూ రాయకుండా నేరుగా టైమ్‌లైన్ గీసినవాళ్లకు మూడో డబ్బాకో నాలుగో డబ్బాకో వరుస తప్పింది, అక్కడి నుంచి అంతా తప్పే. కాబట్టి ఈ షీట్‌లో ముందు క్యూ, తర్వాతే టైమ్‌లైన్.

ఎనుమాముల మార్కెట్‌లో కాంటా ఒక్కటే ఉందనుకోండి. ఒక్కో రైతుకు మూడేసి బస్తాలే తూచి, మిగిలినవాటితో మళ్లీ వరుస చివరికి పొమ్మంటే ఎట్లుంటది? అదే రౌండ్ రాబిన్. రైతులైతే ఊరుకోరు గానీ, ప్రాసెస్‌లకు నోరు లేదు.

కావాల్సిన సూత్రాలు రెండే. `AT` అరైవల్ టైమ్, `BT` బరస్ట్ టైమ్, `CT` కంప్లీషన్ టైమ్, `TAT` టర్న్‌అరౌండ్ టైమ్, `WT` వెయిటింగ్ టైమ్.

```
TAT = CT - AT
WT  = TAT - BT
```

ప్రశ్న 1. మూడు ప్రాసెస్‌లూ 0 దగ్గరే వచ్చాయి. P1కి 7, P2కి 4, P3కి 2 యూనిట్లు కావాలి. క్వాంటం 3. టైమ్‌లైన్ గీసి సగటు వెయిటింగ్ టైమ్ కనుక్కోండి.

```
| P1 | P2 | P3 | P1 | P2 | P1 |
0    3    6    8    11   12   13
```

P3కి 2 యూనిట్లే చాలు. అది 8కే ముగిసిపోతే 9 దాకా సీపీయూ ఖాళీగా కూర్చోదు, వెంటనే P1 ఎక్కుతుంది. క్వాంటం అంటే గరిష్ఠ హద్దు మాత్రమే, అంత సేపూ వాడి తీరాలని లేదు. ఇక్కడ 9 వేసినవాళ్లు ప్రతి సెక్షన్‌లోనూ ఉంటారు.

ముగిసిన సమయాలు P1కి 13, P2కి 12, P3కి 8. అందరూ 0కే వచ్చారు కాబట్టి టర్న్‌అరౌండ్ కూడా అవే. వెయిటింగ్ 13−7=6, 12−4=8, 8−2=6. మొత్తం 20, సగటు 20/3, అంటే 6.67.

ప్రశ్న 2. అసలు పరీక్ష ఇదే. క్వాంటం 2.

```
       AT   BT
P1     0    5
P2     1    3
P3     2    1
P4     4    2
```

సమయం 2 దగ్గర రెండు పనులు ఒకేసారి జరుగుతున్నాయి. P1 క్వాంటం అయిపోయి బయటికి వస్తోంది, P3 అప్పుడే వస్తోంది. క్యూలో ముందు ఎవరు? మనం పాటించే పద్ధతి: కొత్తగా వచ్చినది ముందు, సీపీయూ నుంచి దిగినది దాని వెనక. 4 దగ్గర P4, P2 మధ్య మళ్లీ ఇదే పేచీ వస్తుంది, అదే నియమం.

ప్రతి మలుపులోనూ క్యూ ఇలా ఉంటుంది. మొదట ఉన్నదే తర్వాత సీపీయూ ఎక్కేది.

```
t=2    P2 P3 P1
t=4    P3 P1 P4 P2
t=5    P1 P4 P2
t=7    P4 P2 P1
t=9    P2 P1
t=10   P1
```

ఇంత రాశాక టైమ్‌లైన్ గీయడానికి ఆలోచించాల్సిందే లేదు. 0 దగ్గర P1 డబ్బా వేసి, ఆపై ప్రతి వరుసలో మొదటి ప్రాసెస్‌ను పై నుంచి కిందికి చదువుకుంటూ డబ్బాలు వేయడమే.

```
| P1 | P2 | P3 | P1 | P4 | P2 | P1 |
0    2    4    5    7    9    10   11
```

బరస్ట్ టైమ్‌లన్నీ కూడితే 5+3+1+2=11. టైమ్‌లైన్ కూడా 11 దగ్గరే ఆగింది. మధ్యలో ఖాళీ లేనప్పుడు ఈ రెండూ కలవకపోతే ఎక్కడో డబ్బా ఎక్కువైంది లేదా తక్కువైంది.

```
       CT   TAT   WT
P1     11   11    6
P2     10   9     6
P3     5    3     2
P4     9    5     3
```

మొత్తం 17, సగటు 17/4 = 4.25.

సరిచూసుకోవడానికి ఇంకో దారి ఉంది: చివరిసారి ఎక్కిన సమయంలోంచి అప్పటిదాకా నడిచినంతా, అరైవల్ టైమ్ తీసేయండి. P1 చివరిసారి 10కి ఎక్కింది, అంతకుముందు 4 యూనిట్లు నడిచింది, 10−4−0=6. P2కి 9−2−1=6. రెండు దారుల్లో ఒకే జవాబు వస్తే ఇంక టెన్షన్ లేదు.

"మేడమ్, దిగినదాన్నే ముందు పెడితే ఏమవుతుంది?" అని క్లాసులో ఒకమ్మాయి అడిగింది. మంచి ప్రశ్న. అప్పుడు ఇలా వస్తుంది:

```
| P1 | P2 | P1 | P3 | P2 | P4 | P1 |
0    2    4    6    7    8    10   11
```

వెయిటింగ్ 6, 4, 4, 4. సగటు 4.5. లెక్కలో తప్పేమీ లేదు, నియమం మారిందంతే. అందుకే ఏ నియమం పాటించారో జవాబు మొదట్లో ఒక్క వాక్యం రాయండి. దిద్దేవాళ్లకు మీ ఆలోచన తెలుస్తుంది, మార్కులు నిలుస్తాయి.

ప్రశ్న 3. మొదటి ప్రశ్ననే క్వాంటం 1తో, 7తో చేసి పోల్చండి.

క్వాంటం 1 అయితే P3 6కి, P2 10కి, P1 13కి ముగుస్తాయి. వెయిటింగ్ 6, 6, 4, సగటు 5.33. క్వాంటం 7 అయితే ఎవరికీ మధ్యలో అడ్డు పడదు, అది వచ్చినవాళ్లకు వచ్చినట్టు చేసే ఎఫ్‌సీఎఫ్‌ఎస్ అయిపోతుంది. వెయిటింగ్ 0, 7, 11, సగటు 6.

మూడూ పక్కపక్కన పెట్టండి: క్వాంటం 1కి 5.33, 3కి 6.67, 7కి 6. క్వాంటం పెంచుతూ పోతే సగటు వరుసగా పెరగడమూ లేదు, తగ్గడమూ లేదు. పైగా క్వాంటం 3 కంటే ఎఫ్‌సీఎఫ్‌ఎస్ సగటే తక్కువ! రౌండ్ రాబిన్ వాడితే వెయిటింగ్ తగ్గుతుందని బట్టీ పట్టి రాసేవాళ్లు ఇక్కడ దొరికిపోతారు. దాని బలం రెస్పాన్స్ టైమ్‌లో ఉంది. మొదటిసారి సీపీయూ ఎక్కడానికి పట్టే సగటు సమయం క్వాంటం 1కి 1, 3కి 3, 7కి 6. కీబోర్డు ముందు కూర్చున్న మనిషికి కావాల్సింది ఇదే.

మరి క్వాంటం 1 పెట్టి వదిలేస్తే? ప్రతి మార్పిడికీ సీపీయూ కొంత సమయం పోగొట్టుకుంటుంది. లైనక్స్‌లో `SCHED_RR` విధానానికి డిఫాల్ట్ టైమ్ స్లైస్ 100 మిల్లీసెకన్లు. ల్యాబ్ మెషీన్లలో చూసుకోవచ్చు:

```
cat /proc/sys/kernel/sched_rr_timeslice_ms
```

మామూలు ప్రోగ్రాములు దీని కిందికి రావు, అది రియల్ టైమ్ పనులకు. ఆ చర్చ పరీక్ష అయ్యాక.

ఇంటి దగ్గర చేయాల్సినవి

4. P1 0కి వచ్చింది, 3 కావాలి. P2 5కి వచ్చింది, 4 కావాలి. P3 6కి వచ్చింది, 2 కావాలి. క్వాంటం 2. (2 దగ్గర క్యూలో ఎవరూ లేరు కాబట్టి P1 మళ్లీ తానే ఎక్కుతుంది. 3 నుంచి 5 దాకా ఖాళీ, ఆ డబ్బాను కూడా గీయాలి.) జవాబు: వెయిటింగ్ 0, 2, 1, సగటు 1.

5. ప్రశ్న 1లోనే ప్రతి మార్పిడికీ 1 యూనిట్ పోతుందనుకోండి. మార్పిడులు 5, టైమ్‌లైన్ 18 దగ్గర ముగియాలి. జవాబు: వెయిటింగ్ 11, 12, 8, సగటు 10.33. చివరి డబ్బా తర్వాత మార్పిడి వేసి 19 తెచ్చుకున్నవాళ్లు శనివారం బోర్డు దగ్గరికి వచ్చి గీయాలి.