ఆర్డర్ పెట్టే ముందు చదవండి: డెలివరీ, పేమెంట్, కస్టమ్ నోట్‌బుక్కులు

నమస్తే. ఇక్కడ కనిపించే నోట్‌బుక్కులన్నీ నేనే చేత్తో కుట్టి, అట్ట కట్టి పంపిస్తాను. మెసేజ్‌లు చూసేది, పార్సిల్ కట్టేది కూడా నేనే. జిగురు చేతులతో ఫోన్ పట్టుకోలేను కాబట్టి రోజూ సాయంత్రం 6 నుంచి 8 వరకు జవాబులకే కేటాయించాను. ఆదివారం సెలవు. ఎక్కువమంది అడిగేవి కింద రాశాను. మీ ప్రశ్న ఇందులో లేకపోతే మొహమాటపడకుండా అడగండి.

ఆర్డర్ పెడితే ఎన్ని రోజుల్లో వస్తుంది?

ఫొటో కింద ‘రెడీ’ అని ఉన్న పుస్తకాన్ని డబ్బు అందిన రెండు పనిదినాల్లో కొరియర్‌కి ఇచ్చేస్తాను. అక్కడి నుంచి మీకు చేరడానికి మామూలుగా 3 నుంచి 7 రోజులు. మొదటి రెండు రోజులకే నేను పూచీ, తర్వాతివి కొరియర్ వాళ్లు చెప్పే అంచనా. అందుకే ఫలానా తేదీకి తప్పకుండా అందుతుందని మాటివ్వను. ఎవరికైనా కానుకగా ఇవ్వడానికైతే ఆ తేదీ ముందే చెప్పండి. కుదరదనిపిస్తే డబ్బు తీసుకోకముందే ఆ మాట చెప్పేస్తాను.

డెలివరీ ఛార్జీ ఎలా లెక్క కడతారు?

దూరాన్ని బట్టి, బరువుని బట్టి. అయితే కొరియర్ వాళ్లు తూకం ఒక్కటే చూడరు, పెట్టె ఎంత చోటు పడుతుందో కూడా చూస్తారు. చాలా సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి 5000తో భాగిస్తాయి. వచ్చిన కిలోలు అసలు తూకం కంటే ఎక్కువుంటే ఛార్జీ దానికే వేస్తాయి. 25×20×10 పెట్టె అంటే ఒక కిలో లెక్క, లోపల 400 గ్రాముల పుస్తకమే ఉన్నా సరే. అందుకే ఒక్క పుస్తకానికి పెద్ద పెట్టె వాడకుండా 25×18×4 పలచటి పెట్టెలో, మూలలకు అట్టముక్కలు పెట్టి పంపుతాను. ఛార్జీ ఎంతో డబ్బు కట్టకముందే చెప్తాను, తర్వాత పెంచను. ఇద్దరు ముగ్గురు కలిసి ఒకే అడ్రస్‌కి తెప్పించుకుంటే తలా కొంత కలిసొస్తుంది.

ట్రాకింగ్ నంబర్ ఇస్తారా?

పార్సిల్ ఇచ్చిన రోజు సాయంత్రమే పంపుతాను. అది పనిచేయడానికి ఒక రోజు పట్టొచ్చు. నాలుగు రోజులైనా ట్రాకింగ్‌లో కదలిక లేకపోతే నాకు చెప్పండి, కొరియర్ వాళ్లను నేను అడుగుతాను. పార్సిల్ పోయిందని తేలితే కొత్తది కుట్టి పంపుతాను, లేదా మీరు కోరితే డబ్బు మొత్తం వెనక్కిస్తాను.

అడ్రస్ తప్పు ఇచ్చాను, మార్చొచ్చా?

పార్సిల్ బయల్దేరకముందు ఎన్నిసార్లయినా మార్చుకోండి. బయల్దేరాక మార్చలేను. అడ్రస్ దొరక్కో, ఫోన్ ఎత్తకో పార్సిల్ తిరిగొస్తే రెండోసారి పంపే ఖర్చు మీదే.

డబ్బు ఎలా కట్టాలి? క్యాష్ ఆన్ డెలివరీ ఉందా?

ఆన్‌లైన్ ట్రాన్స్‌ఫర్ చేయొచ్చు, లేదా నేను పంపే క్యూఆర్ కోడ్ స్కాన్ చేయొచ్చు. రెడీ పుస్తకాలకు మొత్తం ముందే కట్టాలి. కస్టమ్‌వాటికి సగం ముందు, మిగతా సగం తయారైన పుస్తకం ఫొటోలు చూశాక. క్యాష్ ఆన్ డెలివరీ లేదు. తీసుకోకుండా తిప్పి పంపిన ప్రతి పార్సిల్‌కీ రానూ పోనూ ఛార్జీ నా మీదే పడుతుంది, ఒక్కదాన్నే నడుపుకునే పనిలో అది భరించలేను.

స్క్రీన్‌షాట్‌తో పాటు లావాదేవీ నంబర్ కూడా పంపండి. డబ్బు నా ఖాతాలో కనిపించాకే ఆర్డర్ ఖాయమైనట్టు, ఆ సంగతి మెసేజ్‌లో చెప్తాను.

ఇది మాత్రం దయచేసి గుర్తుంచుకోండి: నేను ఓటీపీ గానీ పిన్ గానీ ఎప్పుడూ అడగను. డబ్బు మీకు రావడానికి మీరు పిన్ కొట్టాల్సిన పనే లేదు. రీఫండ్ పంపుతున్నామంటూ నా పేరుతో ఎవరైనా లింకో, క్యూఆర్ కోడో పంపితే ముట్టుకోకండి, ఇక్కడికే మెసేజ్ చేసి అడగండి.

ధర తగ్గిస్తారా?

ఒకటి రెండింటికి తగ్గించలేను. ఒకే ఆర్డర్‌లో 10 గానీ అంతకంటే ఎక్కువ గానీ తీసుకుంటే 10 శాతం తగ్గుతుంది.

కస్టమ్ ఆర్డర్‌లో ఏమేం మార్చుకోవచ్చు?

సైజు (A5 లేదా A6), కాగితం (తెల్లది, గీతలది, చుక్కలది), అట్ట గుడ్డ రంగు, దారం రంగు, అట్ట మీద పేరు. పేజీల సంఖ్య కూడా మీ ఇష్టమే, కానీ అది 16 చొప్పునే పెరుగుతుంది. నాలుగు కాగితాలు కలిపి మధ్యకు మడిస్తే ఒక కట్ట, అంటే 16 పేజీలు. ఆ కట్టల్నే ఒకదానికొకటి కుట్టుకుంటూ పోతాను. అందువల్ల సరిగ్గా 100 పేజీలు కావాలంటే కుదరదు, 96 కానీ 112 కానీ వస్తాయి. ఎక్కువమంది 192 తీసుకుంటారు, రోజూ రాసేవాళ్లకు నేను చెప్పేదీ అదే.

పేరు వేయించుకునేవాళ్లు దాన్ని టైప్ చేసి పంపండి, వాయిస్ మెసేజ్‌లో చెప్పకండి. ఒత్తులు, దీర్ఘాలు మీరు రాసినట్టే అచ్చవుతాయి. వేసే ముందు నమూనా ఫొటో పంపుతాను. ఒక్కో అక్షరం చూసుకుని ‘ఓకే’ అని రాసి పంపాకే పని మొదలవుతుంది.

అట్ట మీద మీ ఫొటో కావాలంటే A5కి కనీసం 1748×2480 పిక్సెళ్లు ఉండాలి. చాట్‌లో ఫొటోగా పంపితే నాణ్యత తగ్గిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపండి. సినిమా పోస్టర్లు, కార్టూన్ బొమ్మలు, కంపెనీల లోగోలు అనుమతి లేకుండా వేయను. ఎంత అడిగినా ఈ మాట మారదు.

కస్టమ్‌వి ఎన్నాళ్లు పడతాయి? తొందరగా చేయలేరా?

నమూనాకి మీరు ఓకే చెప్పిన రోజు నుంచి 12 పనిదినాలు. తొందరపడితే చెడేది అట్టే. జిగురు రాసిన అట్టను బరువు కింద ఒక రోజంతా ఉంచాలి, తడి ఆరకుండా తీస్తే అది వంకర తిరుగుతుంది. ఎక్కువ డబ్బు ఇస్తామన్నా ఆ రోజును తగ్గించలేను.

క్యాన్సిల్ చేయొచ్చా? రిటర్న్ ఉందా?

కాగితం కోయకముందు చెప్తే కట్టిందంతా వెనక్కి వస్తుంది. కోశాక అడ్వాన్స్ రాదు. పేరు వేసినవి ఇంకెవరికీ అమ్మలేను కాబట్టి వాటికి రిటర్న్ లేదు. రెడీ పుస్తకం నచ్చకపోతే, అందిన 7 రోజుల్లో రాయకుండా తిప్పి పంపండి. తిప్పి పంపే ఖర్చు మీది, పుస్తకం ధర మొత్తం వెనక్కిస్తాను.

కుట్టు ఊడినా, పేజీ చిరిగినా, దారిలో నలిగినా, పేరు మీరు ఓకే చేసినట్టు లేకపోయినా తప్పు నాది. అందిన 48 గంటల్లో పుస్తకం ఫొటో, పెట్టె ఫొటో, దాని మీది లేబుల్ ఫొటో పంపండి. పేరు వేసిందైనా సరే, కొత్తది నా ఖర్చుతో వస్తుంది. గుడ్డ రంగు స్క్రీన్ మీద ఒకలా, చేతిలో కొంచెం ఇంకోలా కనబడొచ్చు. అది లోపం కింద రాదు. అనుమానముంటే పగటి వెలుతురులో తీసిన ఫొటో అడగండి, పంపుతాను.

ఇంకు పెన్ను పనికొస్తుందా?

కాగితం 100 జీఎస్‌ఎం. సన్నపాళీకి బాగుంటుంది. మార్కర్లయితే వెనక పేజీకి దిగుతాయి.

ఆర్డర్ మెసేజ్‌లో ఏం రాయాలి?

అన్నీ ఒకే మెసేజ్‌లో రాస్తే మనిద్దరికీ సమయం మిగులుతుంది. ఇలా రాస్తే చాలు:

‘కస్టమ్, A5, 192 పేజీలు, చుక్కల కాగితం, నీలం గుడ్డ, ఎర్ర దారం, అట్ట మీద “మాధవి” అని కింద కుడి మూల, ఒకటి. వచ్చే నెల 20కల్లా కావాలి.’

దాని కిందే పూర్తి అడ్రస్, పిన్‌కోడ్, పగలు ఎత్తే ఫోన్ నంబర్ రాయండి. ఆ సాయంత్రమే మొత్తం ఎంతవుతుందో, ఏ రోజుకి పంపగలనో చెప్తాను.