లీజు క్లాజుల సారాంశం: మన ఆఫీసులో ఎవరు రాసినా ఇలాగే

గత నెల స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జి లీజుని ముగ్గురం విడివిడిగా చదివాం. నోటీసు గడువు దగ్గర ఒకరు 3 నెలలు అని రాశారు, ఒకరు 90 రోజులన్నారు, ఇంకొకరు ఏకంగా ‘లేదు’ అని కొట్టేశారు. తీరా చూస్తే ఆ మాట షెడ్యూలు కింద చేత్తో రాసి ఉంది. అందుకే ఈ కాగితం. తిరుపతి షాపులైనా, రేణిగుంట గోడౌన్లైనా, చిత్తూరు మామిడి గుజ్జు ఫ్యాక్టరీ షెడ్లైనా ఇదే పద్ధతి.

ముందు డీడు మొత్తం చదవండి. స్టాంపు పేపరు వెనకవైపు, షెడ్యూలు, చేతిరాత చేర్పులు, అన్నీ. తర్వాత ఈ ఎనిమిది గడులు ఇదే వరుసలో నింపండి: గడువు, అద్దె, పెంపు, అడ్వాన్సు, లాక్-ఇన్, నోటీసు, సబ్-లీజు, సందేహం. ప్రతి దాని చివరా క్లాజు నంబరు, పేజీ నంబరు ఉండాలి. గడికి రెండు వాక్యాలు మించొద్దు.

అన్నిటికన్నా ముఖ్యం ఇది. డీడులో ‘కూడదు’ అని ఉంటే ‘నిషేధం’ అని రాయండి. డీడు ఆ సంగతే ఎత్తకపోతే ‘ప్రస్తావన లేదు’ అనండి. ఉత్త ‘లేదు’ అని ఎక్కడా రాయొద్దు, అది చదివినవాళ్లకి రెండింటిలో ఏదో తెలియదు. చట్టంలో ఉన్నది తెచ్చి డీడులో పెట్టొద్దు కూడా. నోటీసు మాట లేని షాపు నెలవారీ అద్దెకి ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ ప్రకారం 15 రోజులు వస్తుందని మనకి తెలుసు, కానీ అది సార్ చెప్పే సలహా, మన సారాంశం కాదు.

గడువు: మొదలైన తేదీ, ఎన్ని నెలలు. డీడులో ‘1-4-2024 నుండి 36 నెలలు’ అని ఉంటే అలాగే దించండి. ముగింపు తేదీ డీడులో ఉంటేనే రాయాలి, సొంతంగా లెక్కేస్తే ఒకరికి 31-3-2027 వస్తుంది, ఇంకొకరికి 1-4-2027 వస్తుంది.

అద్దె: నెలకి ఎంత, ఏ తేదీలోపు. జీఎస్టీ, కరెంటు ఎవరిదో డీడు చెబితే ఒక్క ముక్కలో.

పెంపు: ఎంత శాతం, ఎన్నాళ్లకోసారి, దేనిపై. ఈ మూడోదే అందరూ మర్చిపోతున్నారు. 40,000 అద్దెకి ఏటా 10% అంటే, అప్పటికి నడుస్తున్న అద్దెపై అయితే మూడో ఏడు 48,400, మొదటి అద్దెపైనే అయితే 48,000. నెలకి 400 తేడా చిన్నదే గానీ గొడవ మాత్రం పెద్దదే అవుతుంది. డీడు చెప్పకపోతే ‘దేనిపై: ప్రస్తావన లేదు’ అని రాసి వదిలేయండి, ఊహించొద్దు.

అడ్వాన్సు: ఎంత, ఎప్పుడు వెనక్కి, వడ్డీ ఉందా, బకాయిలు పట్టుకోవచ్చా.

లాక్-ఇన్, నోటీసు: రెండూ వేరు. ఎవరిని కట్టేస్తుందో తప్పకుండా రాయాలి. ఉదాహరణకి డీడులో 9వ క్లాజు, 4వ పేజీ ఇలా ఉందనుకోండి:

‘ఉభయులలో ఎవరైనను మూడు నెలల ముందుగా లిఖితపూర్వకముగా తెలియజేసి లీజును రద్దు చేసుకొనవచ్చును. అయితే మొదటి 24 నెలలలో అద్దెదారు ఖాళీ చేయరాదు.’

సరైనది:
లాక్-ఇన్: మొదటి 24 నెలలు, అద్దెదారుకి మాత్రమే. (క్లాజు 9, పే. 4)
నోటీసు: 3 నెలలు, ఇద్దరికీ, రాతపూర్వకంగా. (క్లాజు 9, పే. 4)

తప్పు: ‘రెండేళ్ల లాక్-ఇన్, 90 రోజుల నోటీసు.’ నెలల్ని రోజులు చేశారు, ఓనరుకి లాక్-ఇన్ లేదన్న సంగతే పోయింది. ఓనరు తరఫున వచ్చిన క్లయింటుకి మనం చెప్పాల్సిన మొదటి మాట అదే!

సబ్-లీజు: నిషేధమా, ఓనరు రాతపూర్వక అనుమతితోనా, ప్రస్తావన లేదా. ఈ మూడు మాటల్లో ఏదో ఒకటి, నాలుగోది వద్దు.

సందేహం: అంకెల్లో 2,50,000 ఉండి అక్షరాల్లో ‘రెండు లక్షలు’ అని ఉంటే రెండూ ఇక్కడ దించండి, మీరు తీర్పు చెప్పొద్దు. దిద్దుబాటు పక్కన సంతకం లేకపోయినా, జిరాక్స్‌లో లైను చెరిగినా ఇక్కడే. ఏమీ లేకపోతే ‘ఏమీ లేదు’ అని రాయండి, ఖాళీగా వదిలితే చూశారో లేదో నాకు తెలియదు.

గురువారం తిలక్ రోడ్డు షాపు లీజుని ఇద్దరు, ఒకరిది ఒకరు చూడకుండా రాయండి. సాయంత్రం రెండూ పక్కపక్కన పెడదాం, ఏ గడిలో తేడా వస్తే ఆ గడి నిర్వచనం మార్చేది నేను.