బిజినెస్ లా: జవాబు మూసిపెట్టి చదవాల్సిన ఆరు కేసులు

జవాబు మీద కాగితం అడ్డం పెట్టండి. కేసు చదివాక నోటుబుక్కులో మూడు రాయండి: ఏ చట్టం, ఏ సెక్షను, కేసులో ఏ మాట చూసి ఆ సెక్షను పట్టుకున్నారు. మూడోది రాయలేదంటే మొదటి రెండూ గుడ్డి ఊహే. సెక్షను నంబరు గుర్తు రాకపోతే రూలు సొంత మాటల్లో రాయండి. నంబరు తప్పు రాయడం కంటే అదే నయం.

కేసు 1. కళ్లంలో తడిసిన వడ్లు

కోవూరు దగ్గర ఒక రైతు కళ్లంలో వడ్లు ఆరబెట్టి రాశి పోశాడు. మిల్లరు వచ్చి గింజ నలిపి చూసి, "ఈ రాశి మొత్తం నాదే, పుట్టి 20,500" అని ఖాయం చేసి 50,000 బయానా ఇచ్చాడు. పొద్దున్నే రైతే కాటా వేయించి లెక్క చెప్పాలని మాట. ఆ రాత్రి కుండపోత వాన. రాశి తడిసి ముద్దయింది, రెండు రోజులకు మొలకలొచ్చాయి. "బేరం అయిపోయింది, డబ్బు కట్టు" అంటాడు రైతు. "నా బయానా నాకివ్వు" అంటాడు మిల్లరు.

నష్టం ఎవరిది? ఏ సెక్షను?

*జవాబు.* నష్టం రైతుదే. సరుకుల విక్రయ చట్టం, 1930, సెక్షను 22. సరుకు ఏదో తేలింది (ఈ రాశే), అప్పగించే స్థితిలోనే ఉంది. కానీ ధర తేలాలంటే కాటా వేయాలి, వేయాల్సింది అమ్మేవాడు. ఆ పని అయ్యి, అయినట్టు కొనేవాడికి తెలిసేదాకా యాజమాన్యం మారదు. సెక్షను 26 ప్రకారం యాజమాన్యం ఎవరిదో నష్టం వాళ్లదే. పట్టుకోవాల్సిన మాట "రైతే కాటా వేయించి".

చాలామంది ఇక్కడ బేరం కుదిరిన క్షణమే యాజమాన్యం మారుతుందని సెక్షను 20 రాసి ఆగిపోతారు, మార్కులు అక్కడే పోతాయి. బయానా ఇచ్చాడు కాబట్టి సరుకు మిల్లరుదైపోయిందనడం ఇంకో తప్పు. బయానాకూ యాజమాన్యానికీ సంబంధం లేదు.

బయానా సంగతి కూడా రాయండి. ఎవరి తప్పూ లేకుండా, నష్టభారం మారకముందే సరుకు పాడై, ఒప్పందంలో చెప్పిన సరుకు అనిపించుకోని స్థితికి వస్తే సెక్షను 8 ప్రకారం ఒప్పందం రద్దు. మొలకెత్తిన గింజ ఆ లెక్కలోకే వస్తుంది. రద్దయ్యాక తీసుకున్నది తిరిగివ్వాలి: కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షను 65. రైతు 50,000 వెనక్కివ్వాలి.

*ఒక్క మాట మారిస్తే:* కాటా మిల్లరే తన మిల్లులో వేసుకోవాలని మాటయితే సెక్షను 22 వర్తించదు, ఎందుకంటే అది అమ్మేవాడు చేయాల్సిన పనికే. సెక్షను 20 కింద బేరం కుదిరిన క్షణమే సరుకు మిల్లరుది, వాన నష్టమూ మిల్లరుదే.

కేసు 2. పదిహేడేళ్ల పది నెలలు

ఒంగోలులో ఒక కుర్రాడు పందొమ్మిదేళ్లని అబద్ధం చెప్పి, పాత బండి కొనుక్కోవడానికి ఫైనాన్సు వ్యాపారి దగ్గర 50,000 తీసుకుని ప్రోనోటు రాశాడు. మూడు నెలల తర్వాత, పద్దెనిమిది నిండాక, అదే బాకీకి కొత్త ప్రోనోటు రాసిచ్చాడు. కొత్తగా డబ్బేమీ చేతులు మారలేదు.

*జవాబు.* రెండు నోట్లూ చెల్లవు. కాంట్రాక్టు చట్టం సెక్షను 11. మైనరు ఒప్పందం మొదటి నుంచీ శూన్యమని మొహొరీ బీబీ కేసులో 1903లో ప్రీవీ కౌన్సిల్ తేల్చింది. లేనిదాన్ని మేజరయ్యాక ఆమోదించడం కుదరదు, పాత డబ్బు కొత్త నోటుకు ప్రతిఫలం కాదు. వయసు గురించి అబద్ధమాడినా, మైనరునన్న వాదన వాడికి ఉంటుంది.

కేసు 3. రొయ్యల మేత చెక్కు

అల్లూరు దగ్గర చెరువు రైతు మేత డీలరుకు బాకీ కింద 4,20,000కు చెక్కు ఇచ్చాడు. చెక్కు తేదీ 2025 జనవరి 6. డీలరు మార్చి 24న బ్యాంకులో వేశాడు. నిల్వ చాలదన్న మెమో మార్చి 27న అందింది. లాయరు నోటీసు ఏప్రిల్ 28న రిజిస్టరు పోస్టులో వెళ్లింది. సెక్షను 138 కేసు నిలుస్తుందా?

వేళ్ల మీద కాదు, క్యాలెండరు తీసి లెక్క వేయండి.

*జవాబు.* నిలవదు. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం, 1881, సెక్షను 138. చెక్కు మూడు నెలల్లోపే వేశాడు, అది సరే. మెమో అందిన 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. అందిన రోజు వదిలేసి మార్చి 28 నుంచి లెక్కిస్తే ముప్పయ్యో రోజు ఏప్రిల్ 26. రెండు రోజులు దాటిపోయింది. చెక్కు మళ్లీ వేద్దామంటే దాని గడువు ఏప్రిల్ మొదటివారంలోనే తీరింది.

ఆలస్యాన్ని మన్నించే అధికారం కోర్టుకు ఉందని రాసేవాళ్లు సెక్షను 142 మళ్లీ చదవాలి. ఆ మన్నింపు ఫిర్యాదు ఆలస్యానికే, నోటీసు ఆలస్యానికి కాదు. అలాగని బాకీ పోలేదు. డీలరు సివిల్ దావా వేసుకోవచ్చు.

*ఒక్క తేదీ మారిస్తే:* నోటీసు ఏప్రిల్ 21న పంపితే, రైతుకు 24న అందితే? అందిన తర్వాత 15 రోజులు, అంటే మే 9 దాకా కట్టడానికి గడువు. కట్టకపోతే ఆ తర్వాత నెలలోపు ఫిర్యాదు. తొందరపడి 15 రోజులు నిండకముందే వేస్తే అదీ చెల్లదు. రుజువైతే రెండేళ్ల దాకా జైలు, లేదా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా జరిమానా, లేదా రెండూ.

కేసు 4. బావమరిది హామీ

కందుకూరులో ఒక ఎరువుల షాపు. ఒకాయన అరువు ఖాతాకు బావమరిది హామీ సంతకం పెట్టాడు, వడ్డీ నూటికి ఏడాదికి 18. 3,00,000 సరుకు తీసుకున్నాక, ఇకపై తీసుకునే సరుకుకు వడ్డీ 24 అని షాపువాళ్లూ బావా రాసుకున్నారు. బావమరిదికి చెప్పలేదు. తర్వాత ఇంకో 2,00,000 సరుకు వెళ్లింది. బావ చేతులెత్తేశాడు.

*జవాబు.* కాంట్రాక్టు చట్టం సెక్షను 133. బావమరిది 3,00,000కు, పాత వడ్డీకి బాధ్యుడు, 2,00,000కు కాదు. "హామీదారు పూర్తిగా విముక్తుడు" అని రాస్తే సగం తప్పు. సెక్షను విడిపించేది మార్పు తర్వాతి లావాదేవీల నుంచే.

కేసు 5. మెకానిక్ పట్టుకున్న రోటవేటరు

పొదిలి మెకానిక్ రోటవేటరు బాగుచేశాడు, కూలి 3,500. రైతు ఆ 3,500 ఇస్తానన్నా, నిరుటి ట్రాక్టరు రిపేరు బాకీ 6,000 కూడా ఇస్తేనే వదులుతానన్నాడు.

*జవాబు.* పట్టుకోకూడదు. కాంట్రాక్టు చట్టం సెక్షను 170: ఏ వస్తువు మీద శ్రమపడ్డాడో ఆ కూలికే ఆ వస్తువు. పాత బాకీకి పట్టుకునే హక్కు సెక్షను 171లో బ్యాంకర్ల వంటి కొందరికే. మెకానిక్ ఆ జాబితాలో లేడు, ముందే అలా ఒప్పందం ఉంటే తప్ప.

కేసు 6. చీమకుర్తి భాగస్తులు

ముగ్గురు కలిసి గ్రానైటు పాలిషింగు యూనిట్ నడుపుతున్నారు. భాగస్వామ్య పత్రం స్టాంపు పేపరు మీద ఉంది, ఫర్మును మాత్రం రిజిస్టరు చేయలేదు. కొనుగోలుదారు 8,00,000 ఎగ్గొట్టాడు. దావా వేసి, మరుసటి నెల రిజిస్ట్రేషన్ చేయించారు.

*జవాబు.* ఆ దావా నిలవదు. భాగస్వామ్య చట్టం, 1932, సెక్షను 69. దావా వేసేనాటికి రిజిస్ట్రేషన్ ఉండాలి, తర్వాత చేయిస్తే పాత దావాకు ప్రాణం రాదు. కాలపరిమితి మిగిలుంటే కొత్త దావా వేసుకోవాలి. స్టాంపు పేపరు మీద పత్రం రాసుకోవడం వేరు, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర నమోదు వేరు. ఇక కొనుగోలుదారే ఈ ఫర్ము మీద దావా వేస్తే? నిక్షేపంగా వేయొచ్చు. సెక్షను 69 ఆపేది ఫర్మునే, అవతలివాణ్ని కాదు.