గణాంకాల బాధ్యతకు రాజీనామా, అప్పగింత వివరాలు

మహబూబ్‌నగర్,
10 జూన్ 2025.

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,
జిల్లా క్రికెట్ సంఘం,
మహబూబ్‌నగర్.

విషయం: గణాంకాల బాధ్యత నుండి తప్పుకొనుట గురించి.

అయ్యా,

2011 వేసవి నుండి సంఘం తరఫున స్వచ్ఛందంగా చేస్తున్న గణాంకాల పని నుండి ఈ నెల 30వ తేదీతో తప్పుకోదలచాను. దయచేసి నా రాజీనామాను ఆమోదించగలరని మనవి.

కారణం దాచవలసినదేమీ కాదు. నా ఎడమ కంటికి నీటికాసులు వచ్చి రెండేళ్లయింది, ఈ ఏడాది కుడి కన్ను కూడా మసకబారింది. మార్చిలో జరిగిన పదహారేళ్లలోపు బాలుర మ్యాచ్ ఒకదానిలో ఒక బౌలరు ఇచ్చిన 23 పరుగులను నేను 28గా చదివాను. అదే పేజీలో 8 బైలను 3గా చదివాను. ఒక తప్పు ఇంకొక తప్పును కప్పేయడంతో మొత్తం సరిపోయింది, నేను సంతకం పెట్టేశాను. ఆ అయిదు పరుగుల వల్ల ఆ పిల్లవాడు పొదుపుగా బౌలింగు చేసినవారి పట్టికలో రెండు స్థానాలు కిందికి జారాడు. అతని తండ్రి స్కోరుషీటును ఫోనులో ఫోటో తీసుకొని ఇంటికి వచ్చి, కోప్పడకుండా, చూపుడు వేలు పెట్టి చూపించారు. అసలు పుస్తకం తీసి చూస్తే ఆయన మాటే నిజం. సవరణను మరునాడే రిజిస్టరులో ఎర్ర సిరాతో రాసి మీ సంతకం తీసుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ఆర్టీసీ డిపోలో ముప్పై ఏళ్లు కండక్టర్ల టిక్కెట్ల లెక్క సరిచూసినవాడిని నేను. ఆ లెక్కలో అయిదు రూపాయలు తేడా వస్తే వారిని ఎట్లా నిలదీసేవాడినో నాకింకా జ్ఞాపకముంది కాబట్టి, ఈ విషయంలో నాకు నేను మినహాయింపు ఇచ్చుకోలేను.

నా స్థానంలో, గత రెండు సీజన్లుగా బాలికల మ్యాచ్‌లకు స్కోరు రాస్తూ నా పక్కన కూర్చొని పని నేర్చుకున్న అమ్మాయిని నియమించవలసిందిగా కోరుతున్నాను. డిగ్రీలో ఆమె చదివిన సబ్జెక్టు కూడా గణాంకశాస్త్రమే. అయితే నేను ఆమెను సూచించడానికి కారణం ఆ డిగ్రీ కాదు. తెలియని చోట ఊహించి రాయకుండా అంపైరు దగ్గరికి వెళ్లి అడిగి వచ్చే అలవాటు ఆమెకుంది. ఒక్క విన్నపం: నాకు ఇవ్వని ప్రయాణ ఖర్చులు ఆమెకైనా ఇవ్వండి. నేను పింఛనుదారుణ్ణి, ఇల్లు మైదానానికి దగ్గర, కాబట్టి గడిచిపోయింది. ఆమె జడ్చర్ల నుండి బస్సులో రావాలి.

పద్నాలుగు స్కోరుపుస్తకాలు, రెండు పెద్ద రిజిస్టర్లు, ఒక పెన్‌డ్రైవు, సంఘం ఈమెయిలు పాస్‌వర్డు ఉన్న సీలు కవరు ఈ లేఖతో పాటు మీ కార్యాలయంలో అప్పగించి రసీదు తీసుకుంటున్నాను. జూన్ 30 వరకు ప్రతి సాయంత్రం ఆమెకు అందుబాటులో ఉంటాను. ఇన్నేళ్లు నా పట్టికల జోలికి ఎవ్వరూ రాకుండా, సెలెక్షన్లకు ముందు కూడా ఒక్క అంకె మార్చమని అడగకుండా నిలబడిన మీకూ, మీకు ముందున్న కార్యదర్శులకూ కృతజ్ఞుడిని.

ఇట్లు,
విధేయుడు,
నరసింహాచారి,
గణాంకాల బాధ్యుడు (స్వచ్ఛంద సేవ).

జతపరచినది: తదుపరి బాధ్యురాలికి అప్పగింత వివరాలు.

అప్పగింత వివరాలు

అమ్మా,

నా పక్కన కూర్చొని చూసినవాటిని మళ్లీ రాయను. మన పని బయటికి కనబడని చోట్ల ఎక్కడ కాలు జారుతుందో మాత్రమే రాస్తున్నాను.

ముందుగా, మార్చిలో నేను చేసిన తప్పు మీరు చేయకుండా ఉండేందుకు. బ్యాటర్ల పరుగులకు ఎక్స్‌ట్రాలు కలిపితే ఇన్నింగ్స్ మొత్తం రావాలి. బౌలర్ల పరుగులకు బైలు, లెగ్‌బైలు, పెనాల్టీ పరుగులు కలిపితే కూడా అదే మొత్తం రావాలి. ఈ రెండూ సరిపోతే చాలని నేననుకున్నాను. బైలు, లెగ్‌బైలు, వైడ్లు, నోబాల్స్, పెనాల్టీలు విడిగా కూడి ఎక్స్‌ట్రాల గడితో పోల్చే మూడో తనిఖీ కూడా చేసి ఉంటే ఆ రోజే అయిదు పరుగుల తేడా బయటపడేది. బౌలర్ల ఓవర్ల మొత్తం ఇన్నింగ్స్ ఓవర్లతో సరిపోవడం కూడా చూడండి. ఒక బంతి తేడా వస్తే సాధారణంగా అది స్కోరరు లెక్కలోకి తీసుకున్న వైడో, తీసుకోని బంతో అయి ఉంటుంది.

పాఠశాలల టోర్నీల నుండి వచ్చే షీట్లలో కొందరు వైడ్లను బౌలరు ఖాతాలో వేయరు. అప్పుడు రెండో తనిఖీ సరిగ్గా వైడ్ల సంఖ్యంత తక్కువ వస్తుంది. వైడ్లు, నోబాల్స్ బౌలరువే, బైలు, లెగ్‌బైలు కావు. నోబాల్ మీద పరుగెత్తిన బైల దగ్గర మాత్రం జాగ్రత్త: 2017 అక్టోబరులో అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం నోబాల్‌కు ఒక్క పరుగే బౌలరు మీద పడుతుంది, మిగిలినవి బైలుగానే రాయాలి. అంతకుముందు అవన్నీ నోబాల్ ఎక్స్‌ట్రాలే. కాబట్టి పాత పుస్తకాలను కొత్త పద్ధతిలో తిరగరాయకండి, ఆ రోజు ఏ నిబంధన ఉందో ఆ లెక్కే ఉండనివ్వండి. అట్లాగే బ్యాటరు ఎదుర్కొన్న బంతుల్లో నోబాల్ చేరుతుంది, వైడ్ చేరదు.

ఓవర్ల గడిలో మనం రాసే 9.3 దశాంశ సంఖ్య కాదు, తొమ్మిది ఓవర్ల మూడు బంతులు. 38 పరుగులను కంప్యూటరుతో 9.3 చేత భాగిస్తే 4.09 వస్తుంది, అసలు ఎకానమీ 57 బంతులకు 4.00 మాత్రమే. పెన్‌డ్రైవులోని ఫైలులో ఓవర్ల పక్క గడిలో ఈ సూత్రం ఉంది, దాన్ని చెరపకండి:

```
=INT(F2)*6+ROUND((F2-INT(F2))*10,0)
```

ఇది 17.4ను 106 బంతులుగా మారుస్తుంది. సీజన్ మొత్తం తీయాలంటే బంతుల గడిని కూడండి, ఓవర్ల గడిని ఎన్నడూ కూడవద్దు. వికెట్లు, పరుగులు రెండు వేరు వేరు గడుల్లో ఎందుకున్నాయని మీరోసారి అడిగారు. 5/12 అని ఒకే గడిలో రాస్తే అది డిసెంబరు అయిదో తేదీగా మారి కూర్చుంటుంది. మొదటి ఏడాది నా బౌలర్ల పట్టికలో సగం క్యాలెండరై పోయింది.

సగటు దగ్గర తగాదాలు ఎక్కువ. ఎనిమిది ఇన్నింగ్స్‌లో 210 పరుగులు చేసి మూడుసార్లు నాటౌట్‌గా నిలిచిన కుర్రవాడి సగటు 42.00. తండ్రులు ఒక్కోసారి ఎనిమిదితో భాగించి 26.25 అని వాదానికి వస్తారు, ఎదుటి పిల్లవాడి విషయంలో మరీ ఎక్కువగా. గాయంతోనో, అనారోగ్యంతోనో, తప్పని మరో కారణంతోనో రిటైరైతే అది నాటౌట్. అట్లాంటి కారణమేమీ లేకుండా తనంతట తానే వెళ్లిపోయి, మళ్లీ బ్యాటింగుకు రాకపోతే అది రిటైర్డ్ అవుట్, భాగహారంలో చేరుతుంది. ఏది జరిగిందో స్కోరుషీటు మీద అంపైరు చేతనే రాయించుకోండి. అయిదు ఇన్నింగ్స్ ఆడనివారిని సగటు పట్టికలో చేర్చవద్దు. ఆ హద్దు నేను పెట్టింది, కమిటీ ఆమోదించింది. మార్చాలనిపిస్తే సీజన్ మొదలయ్యే ముందే మార్చండి, మధ్యలో వద్దు.

నెట్ రన్‌రేట్‌కు 40 ఓవర్ల మ్యాచ్‌లో ఒక జట్టు 31.2 ఓవర్లలో 118కి ఆలౌటైతే భాగించవలసింది 40తోనే, అంటే 2.95. ఆడిన బంతులతో భాగిస్తే 3.77 వస్తుంది, ఓడిన జట్టు ముందుకు పోతుంది. మ్యాచ్ వారీ రేట్ల సగటు కాకుండా టోర్నీ మొత్తం పరుగులు, మొత్తం ఓవర్లు తీసుకోండి.

ఖాళీకి, సున్నాకు ఉన్న తేడా అన్నిటికంటే ముఖ్యం. 2016కు ముందున్న పుస్తకాల్లో బ్యాటరు ఎదుర్కొన్న బంతులు రాయలేదు. ఆ గడులు ఖాళీగానే ఉన్నాయి, ఉండాలి కూడా. అక్కడ సున్నా పెడితే కంప్యూటరు దాన్ని నిజమైన సంఖ్యగా తీసుకొని సగటును దించేస్తుంది, ఖాళీని మాత్రం వదిలేస్తుంది. బ్యాటింగుకు రాని ఆటగాడికి కూడా ఇదే వర్తిస్తుంది. 2013–14 పుస్తకంలో మూడు మ్యాచ్‌ల పేజీలు వానకు తడిసి అతుక్కుపోయాయి. పత్రికల్లో వచ్చిన మొత్తాలు మాత్రం దొరికాయి, వ్యక్తిగత పరుగులు లేవు. ఆనాడు ఆడినవారిలో ఇద్దరు, తమకు అర్ధశతకాలు వచ్చాయని నోటిమాటగా చెప్పారు. అది నిజమే కావచ్చు. కానీ పేజీ చూపించలేని పరుగును నేను ఎక్కించలేదు, మీరూ ఎక్కించకండి.

పేర్ల విషయం మన జిల్లాలో వేరే కథ. ఒకే సీజన్‌లో అయిదుగురు మహేశ్‌లు, ముగ్గురు కుర్మయ్యలు ఉన్నారు. ‘ఎండీ ఇమ్రాన్’, ‘మహ్మద్ ఇమ్రాన్’ ఒక్కరేనని తెలుసుకోవడానికి నాకు రెండేళ్లు పట్టింది, అప్పటికి అతని పరుగులు రెండు వరుసల్లో సగం సగం పడి ఉన్నాయి. అందుకే ప్రతి ఆటగాడికీ ఒక సంఖ్య ఇచ్చి, తండ్రి పేరు, పుట్టిన సంవత్సరం జతచేశాను. పేరు చూసి వరుసలు కలపవద్దు, సంఖ్య చూసే కలపండి. కుటుంబం ముంబైకో పూణేకో వలసపోతే పిల్లవాడు రెండు సీజన్లు కనబడడు, తరువాత వచ్చి ఇంకో జట్టులో దిగుతాడు. అతనికి కొత్త సంఖ్య ఇవ్వకండి, పాతదే వెతకండి. ఆధార్ నకళ్లు మాత్రం మన ఫైలులో పెట్టవద్దు. వయసు పరిశీలన మన పని కాదు, మైనర్ల కాగితాలు మన దగ్గర ఉండటం మంచిదీ కాదు.

జిల్లాల విభజన గురించి చాలామంది అడుగుతారు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి పాలమూరు నుండి వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల విడిపోయాయి, షాద్‌నగర్, ఆమనగల్ వైపు ప్రాంతం రంగారెడ్డికి పోయింది. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట వేరైంది. గద్వాల నుండి వచ్చి 2012లో మన జట్టుకు ఆడినవాడి పరుగులు ఆ రోజు మన జిల్లావే, వాటిని వెనక్కి తీసి పంచిపెట్టలేము. రిజిస్టరులో ‘ఉమ్మడి జిల్లా’ అని ఎర్ర గీత గీసి, దాని కిందినుంచి కొత్త లెక్క మొదలుపెట్టాను. ‘జిల్లా అత్యధిక స్కోరు’ అని ఎవరైనా అడిగితే గీతకు పైనా, కిందా రెండూ చెప్పండి. నారాయణపేట ఆటగాళ్ల 2018–19 వరుసలను ఇంకా సరిచూడలేదు. సీజన్ మధ్యలో జిల్లా మారింది కాబట్టి ప్రతి మ్యాచ్ తేదీ చూసి నిర్ణయించాలి. మిగిలిన పనుల్లో పెద్దది ఇదే.

మ్యాటింగ్ వికెట్ మీద ఆడిన మ్యాచ్‌లకు పక్కన ‘మ్యా’ అని గుర్తు పెట్టాను. పచ్చిక పిచ్ మీద వచ్చిన పరుగులతో వాటిని ఒకే వరుసలో పోల్చితే బౌలర్లకు అన్యాయం జరుగుతుంది. సెలెక్టర్లకు ఇచ్చే పట్టికలో ఆ గుర్తు పోకుండా చూడండి. వారు అడిగినా, తల్లిదండ్రులు అడిగినా, ఫోనులో నోటితో అంకె చెప్పవద్దు. రాసి, తేదీ వేసి, ఒక నకలు ఉంచుకొని ఇవ్వండి.

పెద్ద రిజిస్టరు చివరి నాలుగు పేజీలు సవరణల కోసం వదిలాను. అందులో మొదటి సవరణ నాదే, మార్చి నెలది. ఆ పేజీ చింపవద్దు. బీరువా తాళం చెవి గ్రౌండ్స్‌మన్ దగ్గర ఒకటి, కార్యదర్శి గారి దగ్గర ఒకటి ఉన్నాయి. కింది అరకు వానాకాలంలో చెమ్మ వస్తుంది, పుస్తకాలు పై అరలోనే పెట్టండి.